జీతం ఏ మెట్టు, బీమా ఏ మెట్టు?

అమెరికన్ మనస్తత్వవేత్త అబ్రహాం మాస్లో 1943లో ‘సైకలాజికల్ రివ్యూ’ పత్రికలో రాసిన వ్యాసంలో మనిషిని నడిపించే అవసరాలను ఐదు రకాలుగా విడదీసి, వాటికి ఒక వరస ఉందని ప్రతిపాదించాడు. ఆకలి, దాహం, నిద్ర వంటి శారీరక అవసరాలు అన్నిటికన్నా అడుగున ఉంటాయి. వాటిపైన భద్రత ఉంటుంది. ఆపైన ప్రేమ, నలుగురిలో ఒకరిగా కలిసి ఉండాలన్న కోరిక, ఆపైన గౌరవం వస్తాయి. తనలోని శక్తిని పూర్తిగా వెలికి తెచ్చుకోవాలన్న తపన, అంటే ఆత్మసాక్షాత్కారం, చివరి మెట్టు. పుస్తకాల్లో కనిపించే త్రికోణం బొమ్మ ఆ వ్యాసంలో లేదు, తరవాతివాళ్లు గీసిందే. 1960లో డగ్లస్ మెక్‌గ్రెగర్ తన పుస్తకంతో ఈ ఆలోచనను మేనేజ్‌మెంట్ రంగంలో బాగా ప్రచారంలోకి తెచ్చాడు. ఉద్యోగికి కంపెనీ ఇచ్చే సదుపాయాన్ని వర్ణించి, అది ఏ అవసరాన్ని తీరుస్తుందని అడిగే ప్రశ్నలు ఇప్పుడు మేనేజ్‌మెంట్ పరీక్షల్లో మామూలైపోయాయి.

ఈ ప్రశ్నల్లో తప్పు జవాబులు ఎక్కువగా ఒకే కారణం వల్ల వస్తాయి. విద్యార్థి సదుపాయం పేరు చూసి జవాబు పెడతాడు. ఆ సదుపాయం ఉద్యోగికి ఏ లోటు తీరుస్తోందో చూడడు. ఆరోగ్య బీమా సంగతే తీసుకుంటే, ‘ఆరోగ్యం’ అనే మాట కనబడగానే అది శరీరానికి సంబంధించినదే కదా అని చాలామంది శారీరక అవసరాన్ని ఎంచుకుంటారు. కానీ బీమా కార్డు ఇవాళ ఎవరి ఆకలీ తీర్చదు, ఎవరికీ నిద్ర పట్టించదు. రేపు జబ్బు చేసి ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ఇల్లు అప్పులపాలు కాకుండా కాస్తుంది. అది తీర్చేది రేపటి భయాన్ని కాబట్టి జవాబు భద్రత. ఇందులో ఊహించాల్సిన పని కూడా లేదు. స్థిరమైన ఉద్యోగం కోసం, బ్యాంకులో పొదుపు కోసం, రకరకాల బీమాల కోసం మనుషులు పడే ఆరాటాన్ని 1943 వ్యాసంలోనే మాస్లో భద్రతా అవసరానికి ఉదాహరణలుగా చూపించాడు. ప్రావిడెంట్ ఫండ్, పింఛను, గ్రాట్యుటీ, కారణం లేకుండా తొలగించబోమన్న ఒప్పందం, యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లకు ఇచ్చే హెల్మెట్లు, అన్నీ ఈ కోవలోవే.

అయితే శారీరక అవసరం తీర్చే సదుపాయాలేవి? క్యాంటీన్ భోజనం, తాగునీరు, మధ్యలో విశ్రాంతి, గాలీ వెలుతురూ ఉన్న గది. వీటిలో పెద్ద చిక్కు లేదు. చిక్కంతా జీతంతోనే వస్తుంది. జీతంతో బియ్యమూ కొంటారు, ఇంటద్దె కూడా కడతారు కాబట్టి పాఠ్యపుస్తకాలు మూల వేతనాన్ని శారీరక అవసరం కింద చేరుస్తాయి. ప్రశ్నలో ‘జీతం’ అని మాత్రమే ఉంటే ఆ జవాబు సరైనదే. కానీ అదే డబ్బు వేరే రూపంలో వచ్చినప్పుడు మెట్టు మారిపోతుంది. ప్రతి నెలా ఒకటో తారీఖున తప్పకుండా జీతం పడుతుందన్న హామీని ప్రశ్న నొక్కి చెబితే అది భద్రత. బాగా పనిచేసినందుకు అందరి ముందూ పిలిచి బోనస్ చెక్కు చేతికిస్తే, ఆ సందర్భంలో తీరేది గౌరవం. అందుకే ప్రశ్నలో డబ్బు కనబడగానే ఆగకుండా, ఆ డబ్బు గురించి చెప్పిన మిగతా మాటలను చదవాలి.

మూడో మెట్టుకూ నాలుగో మెట్టుకూ మధ్య గీత కూడా కొంచెం సన్నగానే ఉంటుంది. కొత్తగా చేరినవారికి తోడుగా ఒక సీనియర్‌ను పెట్టడం, టీమ్ అంతా కలిసి పిక్నిక్‌కు వెళ్లడం, ఆఫీసు క్రికెట్ జట్టు నడపడం మనిషిని గుంపులో కలుపుతాయి. నెలకొకరిని ఉత్తమ ఉద్యోగిగా ఎంచి ఫొటో గోడకు పెట్టడం, పెద్ద హోదా ఇవ్వడం, సొంత గది కేటాయించడం మనిషిని గుంపులో నుంచి విడిగా నిలబెడతాయి. మొదటి రకానివి సాంఘిక అవసరాలు, రెండో రకానివి గౌరవ అవసరాలు. గౌరవంలో మాస్లో రెండు పాయలు చూపాడు: ఇతరులు ఇచ్చే గుర్తింపు ఒకటి, తన పని తనకు వచ్చునన్న ఆత్మవిశ్వాసం రెండోది. ఈ రెండోది మరిచిపోయినవాళ్లే శిక్షణ గురించిన ప్రశ్నల్లో తడబడతారు. పనిలో నైపుణ్యం పెంచి ధీమా కలిగించే శిక్షణ అని ప్రశ్న చెబితే గౌరవం దగ్గరే ఆగాలి. తనకు నచ్చిన కొత్త ఆలోచనపై సొంతంగా పరిశోధించుకోవడానికి కంపెనీ సమయమిచ్చింది, ఫలితం ఏమైనా సరే అనుకుంది అని చెబితే అది ఆత్మసాక్షాత్కారం.

ఇక ఒక కల్పిత ప్రశ్నను మొదటి నుంచి చివరిదాకా చూడవచ్చు. ఒక బట్టల మిల్లు మూతపడుతుందన్న వదంతి పుట్టింది. యాజమాన్యం 3 పనులు చేసింది. క్యాంటీన్ భోజనం ధర తగ్గించింది. 20 ఏళ్ల సర్వీసు నిండినవారికి సభ పెట్టి శాలువాలు కప్పింది. మూడేళ్లపాటు ఎవరినీ తీసేయబోమని రాతపూర్వకంగా హామీ ఇచ్చింది. వదంతి వల్ల తలెత్తిన అవసరాన్ని తీర్చినదేది? కార్మికులకు ఆ రోజుకు తిండికి కొరత లేదు, కాబట్టి భోజనం ధర అసలు లోటును తాకదు. శాలువా గౌరవాన్ని ఇస్తుంది, కానీ వచ్చే నెల పని ఉంటుందో లేదో తెలియనివారికి అది ఊరట కాదు. జవాబు హామీ పత్రం, మెట్టు భద్రత. అదే ప్రశ్న ‘శాలువా ఏ అవసరం తీరుస్తుంది?’ అని అడిగితే మాత్రం గౌరవమనే రాయాలి. సదుపాయం ఏ మెట్టుదని అడగడం వేరు, ఆ పరిస్థితిలో ఏది పనిచేస్తుందని అడగడం వేరు. రెండో రకం ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఉద్యోగికి ఏది ఇంకా తీరలేదో వెతకాలి.

అక్కడా ఒక జాగ్రత్త అవసరం. కింది మెట్టు నూటికి నూరుపాళ్లూ తీరితేనే పై మెట్టు మొదలవుతుందని మాస్లో అనలేదు. ఉదాహరణ కోసం ఊహించి చెబుతున్నానంటూ, సగటు మనిషికి శారీరక అవసరాలు 85 శాతం, భద్రత 70, ప్రేమ 50, ఆత్మగౌరవం 40, ఆత్మసాక్షాత్కారం 10 శాతం తీరి ఉండవచ్చని ఆయన రాశాడు. ఇవి కొలిచి తేల్చిన అంకెలు కావు. ఒకే పని వెనక పలు అవసరాలు ఉంటాయని కూడా ఆయన స్పష్టంగా చెప్పాడు. ‘కింది అవసరం పూర్తిగా తీరేవరకు పై అవసరం ఉండదు’ అనే వాక్యం తప్పా ఒప్పా అని అడిగితే తప్పు అనే గుర్తించాలి.

సిద్ధాంతానికున్న ఆధారం కూడా అంత గట్టిది కాదు. అప్పటిదాకా జరిగిన పరిశోధనలను 1976లో వాబా, బ్రిడ్‌వెల్ సమీక్షించినప్పుడు, అవసరాలు ఇదే వరసలో పనిచేస్తాయనడానికి తగిన రుజువు దొరకలేదు. కాబట్టి ఈ మెట్లు సదుపాయాలను వర్గీకరించడానికి పనికొచ్చినంతగా, ఫలానా ఉద్యోగి రేపు ఏం కోరతాడో ముందే చెప్పడానికి పనికిరావు. ప్రశ్న తయారుచేసేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. ‘ఇష్టమైన వేళల్లో పనిచేసే వెసులుబాటు’ అని మాత్రమే రాసి ఒక్క జవాబే సరైనదనడం న్యాయం కాదు. అలసిన ఒంటికి అది విశ్రాంతి, పసిపిల్లలున్న తల్లికి కుటుంబంతో గడిపే సమయం, తన పనిని తానే నడుపుకోవాలనుకునేవారికి స్వేచ్ఛ. ఆ ఉద్యోగి ఎవరో, ఆ వెసులుబాటును దేనికి వాడుకుంటున్నారో ఒక్క వాక్యం కలిపితే ఆ ప్రశ్నకు ఒకే జవాబు మిగులుతుంది.