నెలసరి నీరు, తూకంలో అంకెలు

నెలసరి దగ్గరపడిన రోజుల్లోనూ, మొదలైన తొలిరోజునా చాలామంది స్త్రీల బరువు అరకిలో నుంచి కిలో దాకా పెరుగుతుంది. కొందరిలో అంతకన్నా ఎక్కువే పెరుగుతుంది, కొందరిలో అసలు తేడాయే ఉండదు. నెలసరి ముగిసేసరికి పెరిగిన బరువు దానంతటదే దిగిపోతుంది. ఇందులో కొవ్వు వాటా చాలా స్వల్పం. కిలో కొవ్వు ఒంట్లో చేరాలంటే ఖర్చయ్యేదానికన్నా దాదాపు 7,700 కేలరీలు అదనంగా తినాలి, అది రెండు మూడు రోజుల్లో అయ్యే పని కాదు. పెరిగేది ప్రధానంగా నీరు. తగ్గేటప్పుడు కూడా ఆ బరువు రక్తంతో పోదు. ఒక నెలసరిలో పోయే రక్తం మామూలుగా 30 నుంచి 40 మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు పెద్ద చెంచాలు. మిగిలినదంతా మూత్రంలో పోతుంది.

రుతుచక్రాన్ని రక్తస్రావం మొదలైన రోజు నుంచి లెక్కిస్తారు, అదే ఒకటో రోజు. అండం విడుదలయ్యే వరకు మొదటి సగం, ఆ తర్వాత మళ్లీ నెలసరి వచ్చే వరకు రెండో సగం. రెండో సగంలో ప్రొజెస్టిరాన్ బాగా పెరుగుతుంది. ఉప్పును నిలుపుకోమని మూత్రపిండాలకు చెప్పే ఆల్డోస్టిరాన్ అనే హార్మోనుకు ఇది అడ్డు తగులుతుంది. దానికి బదులుగా శరీరం ఆల్డోస్టిరాన్‌ను ఇంకా ఎక్కువగా తయారుచేస్తుంది. నెలసరికి ముందు ప్రొజెస్టిరాన్ ఒక్కసారిగా పడిపోతే అడ్డు తొలగిపోతుంది, పెరిగిన ఆల్డోస్టిరాన్ మాత్రం ఇంకా ఉంటుంది. అప్పుడు ఉప్పు నిలుస్తుంది, ఉప్పు ఉన్నచోటికి నీరు చేరుతుంది. పాఠ్యపుస్తకాల్లో కనిపించే వివరణ ఇది. కథ మొత్తం ఇదే అనడానికి మాత్రం లేదు. కెనడాలో 62 మంది స్త్రీలు ఏడాదిపాటు ఒంటికి నీరు పట్టిన తీరును రోజూ రాసుకున్నారు. 2011లో అచ్చయిన ఆ ఫలితాల్లో ఉబ్బు శిఖరానికి చేరింది రక్తస్రావం మొదలైన రోజునే. అండం విడుదలైన చక్రాలకూ, విడుదల కాని చక్రాలకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నెలసరికి ముందే ఒళ్లు బరువెక్కుతుందని, అది మొదలైతే తేలికవుతుందని అనుకోవడం పరిపాటి. ఈ కొలతలు చెప్పేదాని ప్రకారం తేలిక పడటం మొదటిరోజున కాదు, ఆ తర్వాతే మొదలవుతుంది. గ్రీసులో 42 మంది మీద జరిగిన పరిశీలన 2023లో వెలువడింది. అందులోనూ నెలసరి రోజుల్లో బరువు సగటున అరకిలోకు కాస్త తక్కువగా పెరిగింది, అదీ కణాల బయట నిలిచిన నీటి వల్లే.

నీటితోపాటు పేగులు కూడా తూకం మీద చేయి వేస్తాయి. ప్రొజెస్టిరాన్ పేగుల కదలికను నెమ్మదింపజేస్తుంది కాబట్టి కొందరికి మలబద్ధకం, కడుపు ఉబ్బరం ఉంటాయి. ఆ రోజుల్లో ఆకలి కూడా కాస్త పెరుగుతుంది. పచ్చడి, అప్పడం, కారప్పూస వంటి ఉప్పటివి ఎక్కువైతే నీరు ఇంకాస్త నిలుస్తుంది. నొప్పికి వేసుకునే మెఫెనమిక్ యాసిడ్ వంటి మాత్రలు కూడా కొందరిలో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి.

ఇంతవరకూ మామూలు తూకం సంగతి. జిమ్ములోనో ఇంట్లోనో కొవ్వు శాతం కూడా చూపించే యంత్రం ఉంటే గందరగోళం రెట్టింపవుతుంది. అది కొలిచేది కొవ్వును కాదు. పాదాల కింద ఉన్న లోహపు పలకల నుంచి, మనిషికి తెలియనంత స్వల్పమైన విద్యుత్తును ఒంట్లోకి పంపుతుంది. సాధారణంగా అది సెకనుకు లక్ష సార్లు దిశ మారే, ఒక మిల్లీ ఆంపియర్‌కు లోపు ఉండే ప్రవాహం. ఉప్పు కలిసిన నీటిలో అది సులువుగా సాగుతుంది, కొవ్వులో సాగదు. దారిలో ఎదురైన అడ్డంకి పేరే ఇంపిడెన్స్. వెడల్పాటి కాలువలో నీరు తేలిగ్గా పారినట్టు, ఒంట్లో నీరు ఎక్కువైతే ఇంపిడెన్స్ తగ్గుతుంది. ఎత్తు, వయసు, స్త్రీయా పురుషుడా అన్న వివరాలను ఈ ఇంపిడెన్స్‌తో కలిపి, ఒంట్లో ఎంత నీరు ఉందో యంత్రం అంచనా కడుతుంది. కొవ్వు కాని కణజాలంలో 73 శాతం నీరే ఉంటుందన్న లెక్కతో, కొవ్వు కాని బరువును తేలుస్తుంది. మొత్తం బరువులోంచి దాన్ని తీసేస్తే మిగిలింది కొవ్వు. అంటే తెర మీద కనిపించే కొవ్వు శాతం నేరుగా చూసి చెప్పింది కాదు, తీసివేతలో మిగిలింది.

ఈ తీసివేతలో నెలసరి నీరు ఏం చేస్తుందో లెక్క వేస్తే స్పష్టమవుతుంది. 62 కిలోల స్త్రీలో కొవ్వు 20 కిలోలు, మిగతావి 42 కిలోలు అనుకుంటే కొవ్వు 32.3 శాతం. ఆ 42 కిలోల్లో నీరు సుమారు 30.7 లీటర్లు. ఇప్పుడు ఒంటికి ఒక లీటరు నీరు పట్టి బరువు 63 అయింది. ఆ లీటరంతా యంత్రానికి కనిపిస్తే అది నీటిని 31.7 లీటర్లుగా చూస్తుంది. 73 శాతం లెక్కన కొవ్వు కానిది 43.4 కిలోలు అయిందని అనుకుంటుంది. మిగిలిన కొవ్వు 19.6 కిలోలు, అంటే 31.2 శాతం. బరువు కిలో పెరిగింది, కొవ్వు శాతం ఒకటికి పైగా తగ్గింది. ఒంట్లో కొవ్వు మాత్రం ఒక్క గ్రామైనా మారలేదు. నీరు నీటిగా కాక, కండ పెరిగినట్టు లెక్కలోకి వచ్చింది.

అదే లీటరు ఎక్కువగా పొట్టలో చేరితే ఫలితం తలకిందులవుతుంది. మొండెం శరీర బరువులో దాదాపు సగం ఉన్నా, విద్యుత్తుకు వెడల్పైన దారి కావడంతో మొత్తం నిరోధంలో దాని వాటా పదో వంతే. సన్నని చేతులు, కాళ్లే అంకెను శాసిస్తాయి. పైగా పాదాలతో మాత్రమే కొలిచే ఇంటి యంత్రంలో విద్యుత్తు ఒక కాలి నుంచి ఎక్కి రెండో కాలి నుంచి దిగుతుంది, పొట్ట పైభాగాన్ని అది దాదాపుగా తాకదు. ఆ నీటిని యంత్రం పట్టుకోలేకపోతే పెరిగిన కిలో కొవ్వు ఖాతాలో పడుతుంది: 63 కిలోల్లో 21 కిలోలు, 33.3 శాతం. ఒకే లీటరు నీరు కాళ్లలో చేరితే 31.2కు, పొట్టలో చేరితే 33.3కు దగ్గరగా చూపిస్తుంది. అసలు యంత్రాల సూత్రాల్లో బరువు కూడా ఒక అంశంగా ఉంటుంది కాబట్టి తేడా ఇంత తేటగా ఉండకపోవచ్చు, దిశ మాత్రం ఇదే. అందుకే నెలసరిలో కొవ్వు శాతం పెరుగుతుందా, తగ్గుతుందా అన్న ప్రశ్నకు అందరికీ వర్తించే జవాబు లేదు. అండం విడుదలయ్యాక ఒంటి వేడి 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ దాకా పెరగడం కూడా ఇంపిడెన్స్‌ను కాస్త తగ్గించవచ్చు, అయితే నీటితో పోలిస్తే అది చిన్న విషయం.

పోలిక న్యాయంగా ఉండాలంటే చక్రంలో ఒకే చోటును మరో చక్రంలో అదే చోటుతో పోల్చాలి. అందుకు అనువైనవి ఏడు, ఎనిమిది, తొమ్మిది రోజులు. అప్పటికి చాలామందిలో ఉబ్బు దిగిపోయి ఉంటుంది. పైగా ఒకటో రోజు ఎప్పుడో కచ్చితంగా తెలుసు కాబట్టి లెక్క తప్పదు. నెలసరికి అయిదు రోజుల ముందు అనే గుర్తు అంత నమ్మదగ్గది కాదు, నెలసరి వచ్చాక గానీ ఆ రోజు ఏదో తెలియదు. మూడు రోజులూ తూచి సగటు తీయడం అవసరం. నిన్నటి ఉప్పు, ఇవాళ కాలకృత్యాలు ఆలస్యం కావడం వంటి కారణాలతో ఒక్క రోజు అంకె అరకిలో అటూఇటూ ఊగుతుంది.

ఒక ఉదాహరణ చూస్తే, 29 రోజుల చక్రం ఉన్న స్త్రీ ఏడు, ఎనిమిది, తొమ్మిది రోజుల్లో 64.2, 63.9, 64.1 తూగింది. సగటు 64.1 కిలోలు, యంత్రం చూపిన కొవ్వు 34.2 శాతం. అప్పుడే ఆమె తిండి తగ్గించి నడక మొదలుపెట్టింది. ఇరవై ఏడో రోజున తూకం 64.4, తర్వాతి నెలసరి తొలిరోజున 64.6. మూడు వారాల కష్టం వృథా అయిందని చాలామంది మానేసేది ఇక్కడే. అదే రోజు యంత్రం కొవ్వును 32.9 శాతంగా చూపింది, దాన్ని నమ్మినా పొరపాటే. మరో వారం ఆగితే ఏడు, ఎనిమిది, తొమ్మిది రోజుల తూకాలు 63.0, 62.8, 63.2. సగటు 63.0, కొవ్వు 33.6 శాతం. ఒక చక్రంలో 1.1 కిలోలు నిజంగా తగ్గింది. కొవ్వు కిలోల్లో చూస్తే 21.9 నుంచి 21.2కు వచ్చింది. ఈ ఏడు వందల గ్రాములను కచ్చితమైన అంకెగా కాక సరైన దిశగా మాత్రమే తీసుకోవాలి, ఇంటి యంత్రాల ఊగిసలాట కూడా అంతే ఉంటుంది. ఇవే అంకెలను మోసపూరితంగానూ వాడవచ్చు. తొలిరోజు 64.6తో మొదలుపెట్టి ఎనిమిదో రోజు 62.8 దగ్గర ఆపితే వారంలో 1.8 కిలోలు తగ్గినట్టు కనిపిస్తుంది. అందులో పావుకిలో తప్ప మిగిలిందంతా ఎలాగూ పోయే నీరే. వారం రోజుల పథకాల ముందు, తర్వాత తూకాలు చూసేటప్పుడు అవి చక్రంలో ఎన్నో రోజున తీసినవో ముందుగా అడగాలి.

ఫోన్ యాప్‌లు చూపే ఏడు రోజుల సగటు ఈ చిక్కును తీర్చదు. నీటి అల వారానికి మించి ఉంటుంది కాబట్టి ఆ సగటు కూడా అలతోపాటే లేచి పడుతుంది. రోజూ తూచుకునేవారు ఒక పూర్తి చక్రం సగటును తర్వాతి పూర్తి చక్రం సగటుతో పోల్చవచ్చు.

కొలిచే పద్ధతి కూడా ప్రతిసారీ ఒకటే ఉండాలి. ఉదయం లేచి కాలకృత్యాలు తీర్చుకున్నాక, ఏమీ తినకముందు, స్నానానికి ముందు, అదే యంత్రం మీద, అదే చదునైన నేల మీద తూచుకోవాలి. పాదాలు పొడిగా, నూనె గానీ క్రీము గానీ లేకుండా ఉండాలి. ముందురోజు రాత్రి భారీ వ్యాయామం, విందు భోజనం ఉంటే ఆ రోజును వదిలేసి మర్నాడు కొలవడం మంచిది. రెండు వేర్వేరు యంత్రాల కొవ్వు శాతాలను పోల్చడం కుదరదు, వాటి లోపలి సూత్రాలు వేరు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు ఈ యంత్రాన్ని వాడకూడదు. గర్భిణులకు దాని లెక్క వర్తించదు.

పీసీఓఎస్ వల్లనో, నెలసరి ఆగిపోయే వయసు దగ్గరపడటం వల్లనో చక్రం ఒకసారి 26 రోజులు, మరోసారి 45 రోజులు ఉండేవారికీ ఏడు నుంచి తొమ్మిది రోజుల గుర్తు పనిచేస్తుంది. చక్రం పొడవు మారేది ఎక్కువగా అండం విడుదలకు ముందు భాగంలో అయినా, ఆ గుర్తు ఎప్పుడూ ఒకటో రోజు నుంచే లెక్కకు వస్తుంది. మారేదల్లా రెండు కొలతల మధ్య గడిచిన రోజుల సంఖ్య. కాబట్టి తగ్గిన బరువును వారానికి ఎంత అని లెక్కేసి చూడాలి. గర్భనిరోధక మాత్రలు వేసుకునేవారు షీటులో అదే మాత్ర రోజును గుర్తుగా పెట్టుకోవచ్చు. ఇంజెక్షన్ల వల్ల నెలసరి రానివారికి 28 రోజుల సగటును మరో 28 రోజుల సగటుతో పోల్చడమే దారి. నెలసరి ముగిసి పది రోజులైనా ఉబ్బు దిగకపోయినా, ఒక కాలు మాత్రమే వాచినా, ఆయాసంతో పాటు బరువు రోజురోజుకూ పెరుగుతున్నా అది చక్రం పని కాదు, వైద్యులు చూడాల్సిన సంగతి.