సిప్‌లో యూనిట్ సగటు ఖరీదు: అపోహలు – వాస్తవాలు

“మార్కెట్ పడితే ఎక్కువ యూనిట్లొస్తాయి, పెరిగితే ఉన్నవాటి విలువ పెరుగుతుంది. ఎలా చూసినా మీ సగటు ఖరీదు మార్కెట్ సగటు ధర కంటే తక్కువే ఉంటుంది. ఇక నష్టం ఎక్కడిది?” మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టే సిప్ గురించి అడిగితే వినిపించే మాట ఇది. ఇందులో సగటు ఖరీదు గురించి చెప్పింది అక్షరాలా నిజం. గణితం దానికి పూచీ ఇస్తుంది. నష్టం ఎక్కడిదన్న ప్రశ్నకు మాత్రం ఆ గణితం దగ్గర జవాబు లేదు. ఈ రెండింటినీ ముడిపెట్టడం వల్లనే చాలామంది సిప్ నుంచి అది ఇవ్వలేనిదాన్ని ఆశిస్తున్నారు.

అపోహ: నెలనెలా ఉన్న ఎన్‌ఏవీలన్నీ కూడి నెలల సంఖ్యతో భాగిస్తే నా సగటు ఖరీదు వస్తుంది.

రాదు. ఒక లెక్క వేసి చూద్దాం. నెలకు 6,000 రూపాయల చొప్పున ఆరు నెలలు కట్టారనుకోండి. ఆయా నెలల్లో ఎన్‌ఏవీ వరుసగా 50, 40, 30, 40, 50, 60 రూపాయలు. వచ్చిన యూనిట్లు 120, 150, 200, 150, 120, 100. మొత్తం 840 యూనిట్లు. కట్టిన సొమ్ము 36,000. సొమ్మును యూనిట్లతో భాగిస్తే ఒక్కో యూనిట్‌కు పడింది 42.86 రూపాయలు. ఆరు ఎన్‌ఏవీలను కూడి ఆరుతో భాగిస్తే వచ్చేది 45.

ఈ తేడా ఎందుకొచ్చిందో పెట్రోల్ బంకులో ఆలోచిస్తే తేలిగ్గా తెలుస్తుంది. ప్రతిసారీ ఐదు లీటర్లు కొట్టించుకునేవారికి లీటరు సగటున పడేది మామూలు సగటు ధరే, ఎందుకంటే ప్రతి ధరకూ వాళ్లు కొన్నది సమానం. ప్రతిసారీ ఐదొందలకు కొట్టించుకునేవారికి ధర తక్కువున్న రోజున ఎక్కువ పెట్రోల్, ఎక్కువున్న రోజున తక్కువ పెట్రోల్ వస్తుంది. వాళ్ల ట్యాంకులోకి చేరినదాంట్లో చవకగా కొన్నదే ఎక్కువ. అందువల్ల వాళ్ల సగటు కిందికి జరుగుతుంది. పై ఉదాహరణలో 30 రూపాయల నెల 200 యూనిట్లు తెచ్చింది, 60 రూపాయల నెల వంద మాత్రమే. కిందున్న ధరకు పైనున్న ధర కంటే రెట్టింపు బలం దక్కింది.

సొమ్ము స్థిరంగా ఉండి ధర మారినప్పుడు వచ్చే ఈ సగటునే గణితంలో హరాత్మక మధ్యమం అంటారు. ఒక్కో ధరనూ తలకిందులు చేసి, అంటే 1ని దానితో భాగించి, ఆ విలువలకు మామూలు సగటు తీసి, దాన్ని మళ్లీ తలకిందులు చేయాలి. ధరను తలకిందులు చేయడమంటే ఒక రూపాయికి ఎన్ని యూనిట్లు వస్తాయో చూడటమే. పై ఆరు ఎన్‌ఏవీలకు ఆ సగటు ఒక రూపాయికి 0.02333 యూనిట్లు. దాన్ని తిరగేస్తే మళ్లీ 42.86 వస్తుంది. కంప్యూటర్‌లో ఎక్సెల్ ఉన్నవారు ఎన్‌ఏవీలను B2 నుంచి B7 దాకా నిలువుగా రాసి సరిచూసుకోవచ్చు:

```
=HARMEAN(B2:B7)
=AVERAGE(B2:B7)
```

ధరలన్నీ సమానమైతేనే ఈ రెండూ ఒకటవుతాయి. ఏ రెండు ధరలు వేరైనా మొదటిది రెండోదానికంటే తక్కువే వస్తుంది. దీనికి మినహాయింపు లేదు. అయితే ఈ సూత్రం కిస్తులన్నీ సమానమైనప్పుడే పనికొస్తుంది. ఏటా కిస్తు పెంచుతూ పోయేవారు, మధ్యలో బోనస్ డబ్బు జతచేసినవారు కట్టిన మొత్తాన్ని యూనిట్ల మొత్తంతో భాగించుకోవడమే సరైన పద్ధతి. 2020 జులై నుంచి కొనుగోలుపై 0.005 శాతం స్టాంపు డ్యూటీ కూడా ఉంది. ఆరు వేల మీద అది ముప్పై పైసలు కాబట్టి స్టేట్‌మెంట్‌లోని అంకె మీ లెక్కకు వెంట్రుకవాసి తేడాగా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

అపోహ: సగటు ధర కంటే తక్కువకు కొన్నాను కాబట్టి లాభంలో ఉన్నాను.

అన్నిటికంటే ఎక్కువ చేటు చేసేది ఈ అపోహే. కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగాలి.

అవే ఆరు ధరలను ఈసారి పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చండి: 60, 50, 50, 40, 40, 30. యూనిట్లు మళ్లీ 840, సగటు ఖరీదు మళ్లీ 42.86, సగటు ధర మళ్లీ 45. సగటుకు వరుసతో పనిలేదు. ఇప్పుడు చివరి ఎన్‌ఏవీ 30 కాబట్టి మీ 840 యూనిట్ల విలువ 25,200. పెట్టింది 36,000. పోయింది 10,800. మొదటి వరుసలోనేమో చివరి ఎన్‌ఏవీ 60 కాబట్టి విలువ 50,400, లాభం 14,400. సగటు ధర కంటే తక్కువకు కొన్న గొప్ప రెండుచోట్లా ఒకటే, ఫలితాలు మాత్రం ఎదురెదురు.

అమ్మే రోజున మీకు దొరికేది ఆనాటి ఎన్‌ఏవీ. ఆరు నెలల సగటు ధరకు మీ యూనిట్లు కొనేవాళ్లెవరూ ఉండరు. 42.86ను పోల్చవలసింది 45తో కాదు, నేటి ధరతో.

“సరే, కొన్నిసార్లు నష్టం రావచ్చు. కానీ సగటు తగ్గుతుంది కాబట్టి మొత్తం మీద మొగ్గు మన వైపే కదా?” అని అడిగేవారుంటారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబుగా ఎటూ మొగ్గు లేని మార్కెట్‌ను ఊహిద్దాం. మొదటి నెల ధర 40. రెండో నెలకు 50 కావడానికీ, 30 కావడానికీ సమాన అవకాశం. నెలకు 1,200 రూపాయలు.

మొదటి నెల 30 యూనిట్లు వచ్చాయి. ధర 50 అయితే రెండో నెల 24. మొత్తం 54 యూనిట్లు, సగటు ఖరీదు 44.44, సగటు ధర 45. విలువ 2,700, అంటే 300 లాభం. ధర 30 అయితే రెండో నెల 40. మొత్తం 70 యూనిట్లు, సగటు ఖరీదు 34.29, సగటు ధర 35. విలువ 2,100, అంటే 300 నష్టం. ఏ దారిలో పోయినా సగటు ఖరీదు సగటు ధర కంటే తక్కువే. అయినా లాభనష్టాలు సరిగ్గా సరిపోయాయి. మొగ్గు సున్నా.

లాభనష్టాలు తెచ్చింది మొదటి నెల కొన్న 30 యూనిట్లే. రెండో నెల కొన్నవి ఆనాటి ధరకే కొన్నవి కాబట్టి అవి ఇంకా అటూ ఇటూ కదలలేదు. 24 వచ్చినా 40 వచ్చినా ఆ క్షణానికి వాటి విలువ 1,200 రూపాయలే. ఎక్కువ యూనిట్లు వచ్చాయన్న సంతోషం, అవి ఒక్కొక్కటీ చవకైనవన్న నిజంతో సరిపోతుంది. హరాత్మక మధ్యమం చేసిన సాయమంతా ఇక్కడ కరిగిపోతుంది. లాభం రావాలంటే కొన్న తర్వాత ధర పెరగాలి. దాన్ని నిర్ణయించేది ఆ ఫండ్ కొన్న కంపెనీల సంపాదన, కిస్తుల లెక్క కాదు.

అదే 2,400 మొదటి నెలలోనే ఒకేసారి పెట్టి ఉంటే 60 యూనిట్లు వచ్చేవి. పెరిగితే 600 లాభం, పడితే 600 నష్టం. కిస్తులు ఆ ఊపును సగానికి తగ్గించాయి, ఎందుకంటే సగం డబ్బు అప్పటికి మార్కెట్‌లోకి వెళ్లనేలేదు. చేతిలో పెద్ద మొత్తం ఉండి దాన్ని విడతలుగా పెట్టేవారికి దక్కే రక్షణ ఇదే. పెరిగే మార్కెట్‌లో అదే రక్షణ లాభాన్నీ సగం చేస్తుంది. బెంజమిన్ గ్రాహమ్ 1949లో ‘ది ఇంటెలిజెంట్ ఇన్వెస్టర్’లో ఈ పద్ధతిని మామూలు మదుపరికి సిఫారసు చేశారు. 1979లో జార్జ్ కాన్‌స్టాంటినైడిస్ అనే ఆర్థికవేత్త, ముందే రాసుకున్న విడతల పట్టికను కొత్త సమాచారంతో సంబంధం లేకుండా పాటించడం అత్యుత్తమ విధానం కాదని సిద్ధాంతపరంగా చూపారు. నెల జీతంలోంచి కట్టేవారికి ఈ వాదంతో పెద్దగా పనిలేదు. వాళ్లకు డబ్బు నెలనెలా వస్తుంది, నెలనెలా పెడుతున్నారు. వాళ్లకు సిప్ మంచిదవడానికి ఆ క్రమం చాలు.

అపోహ: ఒడిదుడుకులు ఎక్కువున్న ఫండ్‌లో సిప్ కడితే ఈ తేడా వల్ల బాగా గిట్టుబాటవుతుంది.

ఒడిదుడుకులు పెరిగితే రెండు సగటుల మధ్య తేడా పెరుగుతుందన్నది నిజమే. ఎంత పెరుగుతుందో చూడాలి. ఎన్‌ఏవీ ఒక నెల 95, మరో నెల 105గా ఊగుతోందనుకోండి. సగటు ధర 100, సగటు ఖరీదు 99.75. అంటే పావలా. 50కీ 150కీ మధ్య ఊగితే సగటు ఖరీదు 75 అవుతుంది. ఊపు పది రెట్లయితే తేడా వంద రెట్లయింది. ప్రచార పట్టికల్లో ధరలు సగానికి పడి మళ్లీ లేచేలా రాసేది ఇందుకే. అంత ఊగే ఫండ్ చివరికి ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. తేడా పెద్దదిగా కనిపించడం కోసం అలాంటి ఫండ్‌ను ఎంచుకోవడం సరికాదు.

అపోహ: నగల దుకాణంలో కట్టే నెలవారీ బంగారం స్కీముకూ ఇదే సగటు వర్తిస్తుంది.

స్కీమును బట్టి ఉంటుంది. కట్టిన ప్రతి కిస్తుకూ ఆ రోజు రేటు ప్రకారం గ్రాములు జమచేసే రకమైతే అక్షరాలా ఇదే లెక్క, మీ గ్రాము ఖరీదు హరాత్మక మధ్యమమే. కిస్తులను రూపాయల్లోనే పోగుచేసి చివరి రోజు రేటుకు నగ ఇచ్చే రకమైతే సగటే లేదు, మీ ఖరీదు ఆ ఒక్క రోజు రేటు. పాస్‌బుక్‌లో ప్రతి నెలా గ్రాములు రాస్తున్నారో, రూపాయలు మాత్రమే రాస్తున్నారో చూస్తే ఏ రకమో తెలిసిపోతుంది.

అపోహ: ఈ సూత్రం ఎప్పుడూ మదుపరి పక్షమే.

కొంటున్నంతకాలం మాత్రమే. రిటైరయ్యాక అదే ఫండ్ నుంచి నెలకు ఇంత అని స్థిరమైన సొమ్ము తీసుకునే ఎస్‌డబ్ల్యూపీ పెట్టుకున్నవారికి లెక్క తిరగబడుతుంది. పై ఆరు నెలల్లోనే నెలకు 6,000 తీసుకుంటే 30 రూపాయల నెలలో 200 యూనిట్లు అమ్ముడవుతాయి, 60 రూపాయల నెలలో వందే. మొత్తం 840 యూనిట్లకు దక్కింది 36,000, యూనిట్‌కు 42.86. సగటు ధర 45 ఉన్న కాలంలో అంతకంటే తక్కువకే అమ్మినట్టు. పడిన నెలల్లో ఎక్కువ యూనిట్లు చెల్లిపోతాయి కాబట్టి తర్వాత ధర కోలుకున్నా, కోలుకోవడానికి మిగిలే యూనిట్లు తక్కువ. తీసుకోవడం మొదలుపెట్టిన తొలి ఏళ్లలోనే పెద్ద పతనం వస్తే ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది. నెలకు ఇన్ని యూనిట్లు అని అమ్మితే సగటు అమ్మకపు ధర మళ్లీ 45 అవుతుంది, కానీ నెల ఆదాయం ధరతోపాటు ఊగుతుంది. ఇంటి ఖర్చు అలా ఊగదు. అందుకే ఒకట్రెండేళ్ల ఖర్చుకు సరిపడా డబ్బును ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనో లిక్విడ్ ఫండ్‌లోనో విడిగా ఉంచుకుని, మార్కెట్ బాగా పడిన నెలల్లో ఈక్విటీ ఫండ్ యూనిట్లను ముట్టుకోకుండా అందులోంచి వాడుకోవడం మేలు.