కోడక్‌కు డిజిటల్ బలమా, ముప్పా?

ఎంబీఏ, సీఏ పరీక్షల్లో ఒక కంపెనీ కథ ఇచ్చి, దానికి స్వాట్ విశ్లేషణ రాయమంటారు. బలాలు, బలహీనతలు కంపెనీ లోపలివి. అవకాశాలు, ముప్పులు బయటివి. ఇది అందరికీ తెలిసిందే. అయినా మార్కులు ఇక్కడే పోతాయి, ఎందుకంటే చాలామంది ముందు చూసేది మంచా, చెడా అని. మంచిదనిపిస్తే బలమో అవకాశమో, ఏది తోస్తే అది రాసేస్తారు. ముందు తేల్చుకోవలసింది లోపలా, బయటా అన్నది.

అందుకు ఒక ప్రశ్న చాలు. ఈ కంపెనీ రేపే మూతపడినా ఆ విషయం అలాగే ఉంటుందా? ఉంటే అది బయటిది.

కోడక్‌నే తీసుకుందాం. 1975లో ఆ కంపెనీ ఇంజనీరు స్టీవ్ శాసన్ డిజిటల్ కెమెరా తయారుచేశాడు. దాని బరువు దాదాపు మూడున్నర కిలోలు. ఒక్క ఫొటోను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. దానికి పేటెంట్ కూడా వచ్చింది. కానీ కంపెనీకి లాభాలు తెచ్చేవి ఫిల్మ్, ఫొటో కాగితం, రసాయనాలే. జనం ఫిల్మ్ కొనడం మానేశాక, 2012 జనవరిలో కోడక్ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది.

ఇక్కడ ‘డిజిటల్ టెక్నాలజీ’ అని ఒక్క మాట రాస్తే ఏ గడిలోనూ ఇమడదు. దాన్ని విడగొట్టాలి. పేటెంట్, దాని వెనకున్న ఇంజనీర్లు కోడక్ సొత్తు కాబట్టి బలం. లాభాలన్నీ ఫిల్మ్ మీదే ఆధారపడటం కంపెనీ తనంతట తాను తెచ్చుకున్న బలహీనత. జనం ఫిల్మ్ వదిలేయడం మాత్రం కోడక్ ఉన్నా లేకున్నా జరిగేదే, అందుకే ముప్పు. అదే మార్పు డిజిటల్ కెమెరాలకు కొత్త కొనుగోలుదారులను తెచ్చింది కనుక అవకాశం కూడా. ఒకే విషయాన్ని రెండు బయటి గళ్లలోనూ రాయవచ్చు, కారణం వేర్వేరుగా చెబితే.

‘అమ్మకాలు పడిపోయాయి’ అన్న వాక్యం దగ్గర మరింత జాగ్రత్త కావాలి. అది ఫలితం. ఎందుకు పడిపోయాయో కథలో వెతికి, ఆ కారణాన్నే గడిలో పెట్టాలి. ‘డిజిటల్ కెమెరాలు మార్కెట్లోకి తేవాలి’ అని అవకాశాల గడిలో రాయడం ఇంకా ఎక్కువగా కనిపించే పొరపాటు. అది కంపెనీ తీసుకోవలసిన నిర్ణయం, నాలుగు గళ్లూ నిండాక రాయవలసిన వ్యూహం.

జపాన్‌లోని ఫ్యూజీఫిల్మ్‌కూ స్వాట్ రాసి చూడండి. ఫిల్మ్‌కు గిరాకీ తగ్గడమన్న ముప్పు అక్షరం మారకుండా అదే గడిలో పడుతుంది. మారేది లోపలి గళ్లే. ఫిల్మ్ తయారీలో సంపాదించిన రసాయన పరిజ్ఞానాన్ని ఆ కంపెనీ ఎల్‌సీడీ తెరల్లో వాడే పొరలకు, సౌందర్య సాధనాలకు మళ్లించగలిగింది. ఆ నేర్పు బలాల గడిలోకి వెళ్తుంది.