ప్యానెల్ బోర్డుపై పొడి అక్షరాలు

సాగునీటి పంపును నడిపే ప్యానెల్ బోర్డుపై రెండు రకాల రాతలు కనిపిస్తాయి. తలుపు మీది రాతలను పంపు నడిపే మనిషి చదువుతాడు. లోపలి రాతలను ఎలక్ట్రీషియన్ వైరింగ్ పటాన్ని చేతబట్టుకొని చదువుతాడు. వీటిని తెలుగులోకి మార్చే అనువాదకుడు ప్రతి పొడి అక్షరాన్నీ ఒకే తీరుగా చూడరాదు. మనిషికి విషయం తెలిపేది విప్పి రాయాలి. వస్తువుకు చిరునామాగా నిలిచేది అలాగే ఉంచాలి.

తలుపు మీద O/L అన్న దీపం వెలిగిందనుకుందాం. మోటారు పరిమితికి మించిన కరెంటు తీసుకోవడం వల్ల రక్షణ రిలే దానిని ఆపివేసిందని దాని అర్థం. ఆ అక్షరాలను అలాగే వదిలితే పంపు నడిపే మనిషి కారణం తెలియక మళ్లీ మళ్లీ బటన్ నొక్కుతాడు. చివరకు మోటారు చుట్టలు కాలిపోవచ్చు. అందువల్ల 'అధిక భారం వల్ల మోటారు ఆగింది' అని రాయడం ఉచితం.

అదే రిలేకు పటంలో F2 అని పేరుంటే దానిని మాత్రం మార్చరాదు. ఆ పేరు రిలే మీద, విడిభాగాల పట్టికలో కూడా ఉంటుంది. పటంలో ఒక పేరు, రిలే మీద మరొక పేరు ఉంటే ఎలక్ట్రీషియన్ దారి తప్పుతాడు. F2 అంటే ఏమిటో పటం మొదట ఉండే సూచికలో ఒక్కసారి తెలుగులో వివరిస్తే చాలు.

NC అన్న గుర్తు మరింత జాగ్రత్తను కోరుతుంది. పటంలో అది స్విచ్ గుర్తు పక్కన ఉంటే, బటన్ నొక్కనప్పుడు లేదా రిలే పనిచేయనప్పుడు కలిసి ఉండే కాంటాక్టు అని అర్థం. తీగ ఏదీ చేరని టెర్మినల్ దగ్గర ఉంటే, అక్కడ దేనినీ కలపలేదని అర్థం. కాబట్టి పటం చూడకుండా ఈ గుర్తును విప్పరాదు.

ఇక్కడే మరొక చిక్కు ఉంది. విద్యుత్ పరిభాషలో 'క్లోజ్డ్' అంటే కరెంటు ప్రవహించే స్థితి. తెలుగులో కుళాయి మూస్తే నీరు ఆగుతుంది. బ్రేకర్ మీది 'క్లోజ్డ్' అన్న మాటను 'మూసి ఉంది' అని అనువదిస్తే, కరెంటు ఆగిందని భావించి పనివాడు తీగను తాకే ప్రమాదం ఉంది. 'కలిసి ఉంది - కరెంటు వస్తోంది' అని రాస్తే సందేహానికి తావుండదు.

పని ముగిశాక మూలపటంలోని చిరునామా గుర్తులన్నీ అనువాదంలో యథాతథంగా ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా సరిచూడాలి. ఆ తరువాత తలుపు మీది రాతలను పంపు నడిపే వ్యక్తి చేత చదివించి, ఏ దీపం వెలిగితే ఏమి చేస్తావని అడగాలి. అతని జవాబులో తడబాటు ఉంటే ఆ రాతను మళ్లీ దిద్దవలసి ఉంటుంది.