ఎంచుకున్న పనిలో పూర్తయింది ఎంత?

చాలా సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో పని రెండేసి వారాల విడతలుగా సాగుతుంది. ఒక్కో విడతను స్ప్రింట్ అంటారు. మొదటిరోజు టీమ్ కూర్చుని చేయగలిగిన పనులు ఎంచుకుని, ఒక్కోదానికీ దాని బరువును బట్టి పాయింట్లు వేసుకుంటుంది. అలా మొదట ఎంచుకున్నవాటిలో చివరిరోజుకు ఎంత శాతం పూర్తయిందో చెప్పేదే కమిట్‌మెంట్ రిలయబిలిటీ.

హైదరాబాద్‌లో ఓ బ్యాంకు యాప్ చూసుకునే టీమ్ 40 పాయింట్ల పని ఎంచుకుందనుకుందాం. మూడోరోజే కస్టమర్లకు లాగిన్ ఆగిపోయింది. ఆ బగ్గూ, అలాంటివే మరికొన్నీ కలిసి 9 పాయింట్ల పని మధ్యలో వచ్చిపడింది. అదంతా పూర్తిచేశారు. మొదట అనుకున్నదాంట్లో 28 పాయింట్లే అయ్యాయి. జిరా వెలాసిటీ చార్టులో మాత్రం 40కి 37 కనిపిస్తుంది. స్ప్రింట్ మొదలయ్యాక చేర్చిన పని కమిట్‌మెంట్‌లోకి రాదు కానీ, పూర్తయితే పూర్తయిన లెక్కలో కలుస్తుంది. చార్టు చూసినవాళ్లు 92.5 శాతం అనుకుంటారు. అసలు సంఖ్య 70. మధ్యలో వచ్చిన పనిని విడిగా రాసుకోకపోతే ఈ తేడా ఎవరికీ కనపడదు.

వరసగా అయిదారు స్ప్రింట్లు ఇలా 70 దగ్గరే తిరిగితే టీమ్ బద్ధకంగా ఉందని కాదు, ప్లాన్‌లో బగ్‌లకు చోటు లేదని. వచ్చేసారి 30 పాయింట్లే ఎంచుకుని మిగతా సమయాన్ని వాటికి వదిలేస్తే సరిపోతుంది.

ఇదే సంఖ్యను మేనేజర్ అప్రైజల్‌కు ముడిపెట్టి 90 తెమ్మంటే, తప్పకుండా వస్తుంది. మూడు పాయింట్ల పనికి అయిదు వేస్తారు. సగం మిగిలిన పనిని ఆఖరిరోజు రెండుగా కోసి, ఒక ముక్క అయిపోయిందంటారు. టెస్టింగ్ కుదించేస్తారు. కొలతను పట్టుకుని ఒత్తిడి తెస్తే ఆ కొలతే నమ్మదగినదిగా మిగలదని బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లోనే ద్రవ్య విధానం గురించి చెప్పారు. ఇక్కడా అదే జరుగుతుంది. పట్టుకోవడం కష్టమేమీ కాదు. శాతం పెరిగినా నెలకు కస్టమర్ల చేతికి చేరే పనుల సంఖ్య పెరగలేదంటే, పైగా బగ్‌లు ఎక్కువయ్యాయంటే, మారింది లెక్కే.

అందుకే ఈ సంఖ్యను టీమ్ దగ్గరే ఉండనివ్వాలని నా గట్టి అభిప్రాయం. పక్క టీమ్‌తో పోల్చడం అర్థంలేని పని, వాళ్ల పాయింటు బరువు వేరు. స్ప్రింట్ చివర జరిగే రెట్రో సమావేశంలో మిగిలిపోయిన ఒక్కో పని పక్కన కారణం రాయాలి: మధ్యలో బగ్ వచ్చింది, వేరే టీమ్ నుంచి రావాల్సింది రాలేదు, అంచనా తప్పింది. నాలుగైదు స్ప్రింట్లు చూసేసరికి ఏదో ఒక కారణం పదేపదే కనిపిస్తుంది. అది వేరే టీమ్ కోసం ఎదురుచూడటమే అయితే, ఆ టీమ్ మేనేజర్‌తో మాట్లాడాల్సింది డెవలపర్ కాదు, ఈ టీమ్ మేనేజరే.