పదహారు అడుగుల సందు

"మన సందు వెడల్పు 16 అడుగులు. ఇటు నాలుగు, అటు నాలుగు అడుగులు సరుకు బయట పేర్చాం. మిగిలింది ఎనిమిది. ఫైరింజన్ వెడల్పే దాదాపు ఎనిమిదిన్నర. ఇక లెక్క మీరే చూసుకోండి అన్నా!"

హైదరాబాద్ పాత హోల్‌సేల్ బజారులో, వర్తక సంఘం మీటింగులో స్టీలు సామాన్ల వ్యాపారి ఒకాయన మాటలివి. సరుకు బయటికెందుకొస్తుందో కూడా ఆయనే చెప్పారు. పక్క కొట్టువాడు అడుగు ముందుకొస్తే మన కొట్టు కనబడదు, మనమూ జరుగుతాం. ఒక్కడే వెనక్కి తగ్గితే బేరాలు పోయేది వాడికే. అందుకే అందరూ ఒకే రోజు షట్టర్ గీత లోపలికి సర్దుకోవాలన్నది ఆయన ప్రతిపాదన. నాకిది శుభ్రత ఉపన్యాసాలన్నిటికంటే నిజాయితీగా అనిపించింది.

తర్వాత కాలువ సంగతి. మెట్ల కోసం కాలువ మీద సిమెంటు పోసేశాం, పూడిక తీయడానికి చెయ్యి దూరదు. "వానొస్తే నీళ్లు నిలిచిన కొట్టు ముందే తవ్వుతున్నారు. అడ్డం ఉండేది అక్కడ కాదు, పల్లం వైపు నీళ్లు ఆగిపోయిన చివర. అక్కడ చూస్తే థర్మకోల్, ప్యాకింగ్ పట్టీలు, టీ కప్పులు." తీసిన మట్టి గట్టునే వదిలేస్తే మరో వానకు మళ్లీ లోపలికే.

మెట్లు పగలగొట్టి, ఎత్తి తీసే పలకలు వేయడానికి ఖర్చెవరిదన్న దగ్గర మాత్రం మీటింగు ఆగింది.