అరవై స్లైడ్ల నుంచి అరచేతి కార్డుకు

శుక్రవారం సాయంత్రం ఐదున్నర. అకౌంట్స్ సెక్షన్‌లో ఉన్న గుమాస్తాకు ఒక మెయిల్ వస్తుంది. మూడేళ్లుగా సరుకు పంపుతున్న సప్లయర్ దగ్గర్నుంచే. అదే మెయిల్ ఐడీ, అదే ఇన్‌వాయిస్, కింద అదే సంతకం. "ఆడిట్ జరుగుతున్నందువల్ల మా పాత ఖాతా తాత్కాలికంగా ఆపాం. ఈసారి బిల్లు ఈ కొత్త ఖాతాలో వేయగలరు" అని రాసి ఉంటుంది. బిల్లు 4,80,000 రూపాయలు. ఆరు దాటితే ఆఫీసు మూసేస్తారు.

చాలా ఆఫీసుల్లో ఈ గుమాస్తాకు సైబర్ భద్రత మీద శిక్షణ ఇచ్చే ఉంటారు. ఏడాదికోసారి కాన్ఫరెన్స్ హాల్లో కూర్చోబెట్టి అరవై స్లైడ్లు చూపిస్తారు. ఇలాంటి మెయిల్ గురించి అందులో ఒక స్లైడ్ ఉంటుంది కూడా. కానీ ఐదున్నరకు, బస్సు తప్పిపోతుందన్న తొందరలో, ఆ స్లైడ్ గుర్తుకు రాదు. అప్పుడు పనికొచ్చేది మెడలో ఐడీ కార్డు వెనక పెట్టుకున్న చిన్న కార్డు. అయితే ఆ కార్డు రాయడం స్లైడ్లను కుదించడం కాదు. చాలాచోట్ల పని చెడేది ఇక్కడే. స్లైడ్ల తలకట్లన్నీ వరుసగా ఎక్కించి, అక్షరాలు చిన్నవి చేసి, లామినేషన్ చేయించి పంచుతారు. ఎవరూ చదవరు.

ముందు ఏమేం వదిలేయాలో తేల్చుకోవాలి. ఒక్కో స్లైడ్ దగ్గర ఆగి ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఈ మాట విని ఈ ఉద్యోగి తన చేత్తో చేయాల్సిన పని ఏదైనా ఉందా? హ్యాకర్లు ఎన్ని రకాలు, వైరస్‌కీ వార్మ్‌కీ తేడా ఏమిటి, ఫైర్‌వాల్ ఎలా పనిచేస్తుంది, ఐటీ చట్టంలో ఏ సెక్షన్ ఏం చెబుతుంది, ఇవన్నీ ఈ ప్రశ్నతో పోతాయి. బ్యాకప్‌లు తీయడం, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు పెట్టడం ఐటీ సెక్షన్ వాళ్ల పని అయితే అవీ పోతాయి. వీటికి చోటు శిక్షణలోనే. ఈ జల్లెడ పట్టాక అరవైలో పది, పన్నెండు స్లైడ్లు మిగిలితే ఎక్కువ.

మిగిలినవాటిలో పాతబడినవి ఉంటాయి, వాటిని చూసుకోవాలి. పాస్‌వర్డ్ 90 రోజులకోసారి మార్చాలన్న నియమం ఇప్పటికీ ఎన్నో స్లైడ్లలో కనిపిస్తుంది. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2017లోనే తన మార్గదర్శకాలు మార్చి, పాస్‌వర్డ్ బయటికి పొక్కిందన్న ఆధారం ఉంటే తప్ప గడువు పెట్టి మార్పించవద్దని చెప్పింది. గడువు పెడితే జనం చివరి అంకె ఒక్కటి మార్చి ఊరుకుంటారు, లేదా కాగితం మీద రాసి మానిటర్‌కు అంటిస్తారు. పాత నియమాన్ని కార్డు మీద అచ్చు వేస్తే ఆ పొరపాటు ఏళ్ల తరబడి జేబుల్లో తిరుగుతుంది.

నిజమే అయినా కార్డుకు పనికిరాని స్లైడ్లూ ఉంటాయి. వెబ్ చిరునామా చదవడం అలాంటిదే. incometax.gov.in.refund.example అన్న చిరునామాలో ముందు కనిపించేది ప్రభుత్వ సైటు పేరు. కానీ చిరునామాలో మొదటి గీతకు ముందున్న భాగాన్ని కుడి చివర నుంచి చదవాలి. అలా చదివితే ఇది refund.example అన్నవాడి సైటు. ఇది పది ఉదాహరణలు చూపించి, చేయించి నేర్పాల్సిన విద్య. రెండు లైన్లలో ఇమడదు. అందుకే దాన్ని శిక్షణకే వదిలి, కార్డు మీద ఇలా రాయడం మేలు: "బ్యాంకు, ట్యాక్స్, కేవైసీ అని లింకు వస్తే దాన్ని నొక్కవద్దు. ఆ సైటు మీరే టైప్ చేసి తెరవండి."

ఇప్పుడు మన గుమాస్తా దగ్గరకు వద్దాం. స్లైడ్ మీద ఇలా ఉంది: "చెల్లింపు వివరాల్లో మార్పుల అభ్యర్థనలను ప్రత్యామ్నాయ మార్గంలో ధ్రువీకరించవలెను." దీన్ని కార్డుకు కుదించేవాళ్లు మొదట రాసేది, "మోసపు మెయిళ్లను నమ్మవద్దు" అని. మోసపు మెయిల్ అని తెలిస్తే ఎవరూ నమ్మరు కదా! అందుకని రెండోసారి "ఖాతా మార్పులను సరిచూసుకోండి" అని రాస్తారు. ఎలా సరిచూసుకోవాలి? గుమాస్తా ఆ మెయిల్‌కే రిప్లై ఇచ్చి "ఇది మీరే పంపారా?" అని అడుగుతాడు. "అవునండీ, మేమే" అని జవాబు వస్తుంది. ఎందుకంటే సప్లయర్ మెయిల్ పెట్టె మోసగాడి చేతిలోనే ఉంది. మెయిల్ ఐడీలో అక్షరం తేడా ఉందేమో చూడమన్నా లాభం లేదు, అది అసలు ఐడీయే. మెయిల్ కింద ఉన్న ఫోన్ నంబరుకు చేస్తే ఎత్తేదీ వాడే.

మూడోసారికి నియమం ఇలా తయారవుతుంది: "సప్లయర్ ఖాతా నంబరు మారిందని కబురొస్తే: పాత ఫైల్లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి. ఆ మెయిల్‌కు రిప్లై ఇవ్వవద్దు, అందులోని నంబరుకు ఫోన్ చేయవద్దు." ఇందులో మూడు భాగాలున్నాయి. ఏం కనబడినప్పుడు కార్డు గుర్తుకు రావాలో ముందు ఉంది. తర్వాత చేయాల్సిన పని. ఆ తర్వాత, తొందరలో చేతికి సులువుగా తోచే తప్పు దారి ఏదో పేరుపెట్టి వద్దనడం. ప్రతి "వద్దు"కు పక్కన ఒక "చేయండి" ఉండాలి. ఉత్త "వద్దు" అంటే ఉద్యోగి చేతిలో పని ఆగిపోతుంది. పని ఆగితే పైవాళ్లు అడుగుతారు, అప్పుడు నియమమే పక్కకు పోతుంది.

పైవాళ్లే మోసానికి ముసుగు అయ్యే సందర్భం ఇంకా గట్టిది. వాట్సాప్‌లో ఎండీ గారి ఫొటోతో కొత్త నంబరు నుంచి మెసేజ్: "మీటింగ్‌లో ఉన్నాను, ఫోన్ చేయకండి, ఈ ఖాతాకు అర్జెంటుగా పంపండి." వీడియో కాల్‌లో ముఖం చూసి నిర్ధారించుకుంటే చాలనుకునే కాలం కూడా పోయింది. ఆరప్ అనే ఇంజినీరింగ్ సంస్థ హాంకాంగ్ ఆఫీసులో ఇలాంటిదే జరిగింది. కంపెనీ పెద్దల రూపాలను, గొంతులను కృత్రిమంగా సృష్టించిన వీడియో సమావేశాన్ని నమ్మి ఒక ఉద్యోగి దాదాపు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపిన ఉదంతం 2024లో బయటికొచ్చింది. కాబట్టి కార్డు మీద "వీడియోలో చూసుకోండి" అని రాయకూడదు. "మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేయండి" అని రాయాలి. వచ్చిన కాల్‌లో మాట్లాడటం వేరు, మనం చేసిన కాల్‌లో మాట్లాడటం వేరు.

ఈ ఒక్క నియమం కోసం ఎండీ గారి చేత కార్డు మీద సంతకం పెట్టించాలని నేను గట్టిగా చెబుతాను. "ఫోన్ చేసి నిర్ధారించుకున్నందుకు ఎవరినీ తప్పుపట్టం" అన్న వాక్యం కింద ఆ సంతకం ఉండాలి. "నా మాట మీద నమ్మకం లేదా?" అని అధికారి ఒక్కసారి కసిరితే, ఆ మాట సాయంత్రానికి ఆఫీసంతా పాకుతుంది. మర్నాటి నుంచి ఎవరూ ఫోన్ చేయరు.

కొన్ని నియమాలు ఉద్యోగి అసలు పనికే అడ్డం వస్తాయి. "తెలియనివాళ్లు పంపిన ఫైళ్లు తెరవవద్దు" అని హెచ్‌ఆర్ సెక్షన్ అమ్మాయికి ఇస్తే ఆమె ఏం చేయాలి? తెలియనివాళ్ల రెజ్యూమెలు తెరవడమే ఆమె ఉద్యోగం. పాటించలేని నియమం ఒకటి కనబడితే మిగతావాటి మీదా గౌరవం పోతుంది. ప్రమాదం ఏ మెట్టు దగ్గర ఉందో వెతికి అక్కడ ఆపాలి: "ఫైలు తెరిచాక Enable Content నొక్కమంటే నొక్కవద్దు, ఐటీకి చూపించండి." అలాగే ఫోన్‌కు పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో .apk అని ముగిసే ఫైలు వస్తే అది శుభలేఖ కాదు, ఫోన్‌లోకి చొరబడే యాప్. ఆఫీసు మెయిల్, ఓటీపీలు అదే ఫోన్‌లో ఉంటాయి కాబట్టి ఇది ఇంటి సంగతి అని వదలడానికి లేదు.

కార్డు వెనక వైపు పూర్తిగా తప్పు జరిగిపోయాక చేయాల్సిన వాటికి కేటాయించాలి. చాలా కార్డుల్లో ఉండనిది ఇదే. అనుమానంగా ఏదైనా నొక్కేస్తే నెట్‌వర్క్ కేబుల్ తీసేయండి, వైఫై ఆపండి. కంప్యూటర్ మాత్రం ఆపవద్దు, ఎందుకంటే ఏం జరిగిందో చెప్పే ఆధారాలు కొన్ని మెమరీలో ఉంటాయి, ఆపితే పోతాయి. మెయిల్ డిలీట్ చేయవద్దు. ఐటీ నంబరుకు ఫోన్ చేయండి. డబ్బు వెళ్లిపోతే 1930కి, బ్యాంకుకు వెంటనే ఫోన్ చేసి, లావాదేవీ నంబరు, సమయం, మొత్తం చెప్పండి. cybercrime.gov.inలో ఫిర్యాదు నమోదు చేయండి. డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపగలిగితేనే దొరికే అవకాశం. సంస్థలకు ఇంకో గడువూ ఉంది. నిర్దేశించిన సైబర్ ఘటనలను తెలుసుకున్న ఆరు గంటల్లోగా తెలపాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలిచ్చింది. ఉద్యోగి భయపడి దాచిపెడితే ఆఫీసు చేతిలో ఉన్న సమయమే తగ్గిపోతుంది. "జరిగింది చెప్పండి, దాచవద్దు" అన్న వాక్యం అందుకే అవసరం.

ఇక కొలతలు. ఐడీ కార్డు 85.6 మిల్లీమీటర్ల వెడల్పు, 54 మిల్లీమీటర్ల ఎత్తు. ఇంగ్లిష్‌లో పట్టినన్ని లైన్లు తెలుగులో పట్టవు. పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి లైన్ల మధ్య చోటు వదలాలి. అక్షరం మరీ తగ్గిస్తే వత్తులు అలుక్కుపోతాయి. తొమ్మిది పాయింట్లు పెట్టుకుంటే ఒక్కో వైపు ఎనిమిది, తొమ్మిది లైన్లకు మించి పెట్టకపోవడం మంచిది. అంటే ముందు వైపు నాలుగు నియమాలు. ఐదోది పెట్టాలనిపిస్తే ఉన్నవాటిలో ఒకటి తీసేయాలి. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీదే ఆధారపడకుండా "చేయండి", "చేయవద్దు" అన్న మాటలే రాయాలి. రంగులు పోల్చుకోలేనివాళ్లు ఉంటారు, జిరాక్స్‌లో రంగు రాదు. కార్డు బస్సులో పడిపోవచ్చు కాబట్టి వైఫై పాస్‌వర్డ్, సర్వర్ల పేర్లు లాంటివి దాని మీద ఉండకూడదు. ముద్రించిన నెల, సంవత్సరం మూలన ఉండాలి.

అచ్చుకు పంపే ముందు కార్డును నలుగురి చేతిలో పెట్టి చూడాలి. "అర్థమైందా?" అని అడిగితే అందరూ అవుననే అంటారు. అలా కాకుండా ఆ శుక్రవారం మెయిల్‌నే ప్రింటు తీసి ముందుంచి, "ఇప్పుడు ఏం చేస్తావమ్మా?" అని అడగాలి. ఆమె "పాత ఫైలు ఎక్కడుందో నాకు తెలీదు సార్, అది మేడమ్ బీరువాలో ఉంటుంది" అంటే, లోపం కార్డులో కాదు, ఆఫీసు అమరికలో ఉందని తేలుతుంది. సప్లయర్ల నంబర్ల జాబితా ఆమెకు అందుబాటులో పెట్టాకే ఆ నియమానికి అర్థం. పెద్ద మొత్తాలకు ఇద్దరి ఆమోదం, మెయిల్‌కు రెండంచెల లాగిన్ లాంటివి యాజమాన్యం ఏర్పాటు చేయాల్సినవి. అవి లేని లోటును ఏ కార్డూ పూడ్చలేదు.

మీ ఆఫీసులో ఇప్పటికే ఇలాంటి కార్డు ఉంటే ఒక పని చేయండి. ఆరు దాటాక దాని మీదున్న ఐటీ నంబరుకు ఫోన్ చేయండి. ఎవరూ ఎత్తకపోతే, మర్నాడు పొద్దున్నే ఆ సంగతి పై అధికారికి రాతపూర్వకంగా చెప్పండి.